నాలుగు నూర్లు, నూట ఇరవై

మునివెంకటమ్మ సంచిలోంచి రెండు సీసాలు తీసి గాజు బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. ఒకటి ఖాళీది. ఇంకోదానికి మూత సీలు కూడా తీయలేదు. రెండూ ఒకే కంపెనీవి, పిల్లలకు పట్టే విటమిన్ చుక్కల మందు.

"ఇది పోయిన నెల ఇచ్చినావు. ఇది మొన్న ఇచ్చినావు. రెండూ ఒకటేనా, చూసి చెప్పమ్మా."

రేణు ముందు ముసలామె ముఖం చూసింది, తర్వాత సీసాల వంక చూసింది. హోసూరు బస్టాండు దగ్గర ఆరేళ్లుగా మందుల అంగడి నడుపుతోంది. సగం వాడిన మందు తెచ్చి నీళ్లు కలిపి, "పనిచేయలేదు, వాపసు తీసుకో" అనేవాళ్లను చాలామందిని చూసింది. అందుకే ముందు సీలు తిప్పి చూసింది. చెక్కు చెదరలేదు.

"ఒకటే అవ్వా. ఏమైంది?"

"ఒకటే అయితే ఈడ నాలుగు నూర్లుండాది, ఈడేమో నూట ఇరవై ఉండాది. నాకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వస్తాయి. సంతలో మేకలమ్మేదాన్ని."

ఆమె వేలు పెట్టిన చోట రేణు చదివింది. పాత లేబుల్ మీద మిల్లీలీటరుకు విటమిన్ ఎ 1000 ఐయూ, విటమిన్ డి 400 ఐయూ. కొత్త లేబుల్ రంగు మారింది, ఆకుపచ్చ గీతలు వచ్చాయి. దాని మీద ఎ 300 మైక్రోగ్రాములు, డి 120 మైక్రోగ్రాములు. ఐయూ అన్న కొలత పేరే లేదు.

ఆ మందు మునివెంకటమ్మ మనవరాలు కావ్యశ్రీకి. రెండేళ్ల పిల్ల. తల్లి నళిని హోసూరులో కంపెనీ పనికి పోతూ, పిల్లను అద్దె గదిలో పక్కింటామెకు అప్పగించేది. గదికి కిటికీ కూడా సరిగా లేదు. పిల్ల లేచి నిలబడేసరికి కాళ్లు విల్లులా వంగి కనిపించాయి. పిల్లల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకలకు డి విటమిన్ చాలలేదన్నాడు. మొదట పెద్ద మోతాదు ఇచ్చి, ఇక రోజూ ఒక డ్రాపరు, అంటే ఒక మిల్లీలీటరు, చుక్కల మందు పట్టమన్నాడు. అప్పటి నుంచి పిల్ల అంచెట్టి దగ్గర కొండపల్లెలో అవ్వ దగ్గరే ఉంటోంది.

"కొలత మార్చినారు అవ్వా. మందు అదే," అంది రేణు.

"కొలత మారిస్తే మందు తగ్గేది నాకు తెలుసు. పాలవాడు చెంబు మార్చినప్పుడు చూసినా."

రేణుకు కోపం వచ్చింది. మొన్న సీసా కొన్నప్పుడు కూడా ఈమె ఇలాగే బిల్లు మూడుసార్లు చదివించుకుని పోయింది. కాగితం తీసుకుని ఆమె ముందే లెక్క వేసింది. ఎ వరుసలో వెయ్యి కాస్తా మూడు వందలైంది. అంటే ఒక ఐయూకి సున్నా పాయింటు మూడు మైక్రోగ్రాము. నాలుగు వందలను సున్నా పాయింటు మూడుతో హెచ్చవేస్తే నూట ఇరవై. రెండు వరుసలకూ సరిపోయింది.

"చూడు, అది ఎంత లెక్కన తగ్గిందో ఇదీ అంతే లెక్కన తగ్గింది. తప్పేమీ లేదు. రోజూ ఒక డ్రాపరే పట్టు. తగ్గిందని మూడు పట్టకు."

మునివెంకటమ్మ కాగితం వంక చూసింది, రేణు వంక చూసింది. "నీ అంగడి, నీ కాగితం, నీ పెన్ను," అని సీసాలు సంచిలో వేసుకుని బస్సుకు పోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకాయన కాల్షియం మాత్రలు అడిగాడు. పట్టీ తీసి ఇస్తూ, పొద్దుటి గొడవ వల్లనో ఏమో, రేణు అట్టపెట్టె మీద అక్షరాలు చదివింది. అది వేరే కంపెనీది. విటమిన్ డి3 250 ఐయూ అని ఉంది, దాని పక్కనే 6.25 మైక్రోగ్రాములు అని కూడా ఉంది.

ఆమె ఆ అంకె మళ్లీ చదివింది. పొద్దుటి లెక్క ప్రకారం రెండు వందల యాభైకి డెబ్బై అయిదు రావాలి. ఇక్కడ ఆరుంపావు ఉంది.

ఆయనను పంపేసి బీరువా అడుగున ఉన్న కాలేజీ నోట్సు తీసింది. విటమిన్ ఎ ఒక ఐయూ, 0.3 మైక్రోగ్రాములు. విటమిన్ డి ఒక ఐయూ, 0.025 మైక్రోగ్రాములు. ఎర్ర సిరాతో రాసుకుంది కూడా, నలభై ఐయూలకు ఒక మైక్రోగ్రాము అని. ఐయూ అంటే బరువు కాదు, ఒంట్లో ఆ మందు చేసే పనికి కొలత. అందుకే ఒక్కో విటమిన్‌కు ఒక్కో లెక్క. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మాటే.

నాలుగు వందల ఐయూ అంటే పది మైక్రోగ్రాములు. నూట ఇరవై కాదు. నూట ఇరవై మైక్రోగ్రాములు నిజంగా లోపల ఉంటే, నూట ఇరవై నలభైలు నాలుగువేల ఎనిమిది వందల ఐయూ. పన్నెండు రెట్లు. డాక్టరు పెద్ద మోతాదు ఇచ్చిన పిల్లకే, ఇంక ప్రతిరోజూ పన్నెండు రెట్లు. నెలల తరబడి అలా పోతే రక్తంలో కాల్షియం పెరిగిపోయి, వాంతులు, తీరని దాహం, మూత్రపిండాలకు కూడా చేటు.

లోపల ఎంత ఉందో ఎవరికి తెలుసు? లేబుల్ రాసినవాడు తప్పు చేశాడా, మందు కలిపినవాడు తప్పు చేశాడా? పొద్దున ఆ ముసలామె అడిగినప్పుడు తాను కూడా సరిగ్గా ఆ లేబుల్ రాసినవాడిలాగే లెక్క వేసింది. ఎ లెక్కను తీసుకొచ్చి డి మీద పెట్టింది.

కృష్ణగిరిలోని పంపిణీదారు యతీశ్‌కు ఫోన్ చేసింది.

"అక్కా, అది ప్రింటింగ్ విషయం," అన్నాడు యతీశ్, ఆమె చెప్పింది పూర్తిగా వినకుండానే. "పది అని స్టిక్కర్లు కొట్టిస్తుండారు. పంపిస్తా, మీరే అంటించేయండి."

"అంటే నీకు ముందే తెలుసా?"

"మీకెన్ని స్టిక్కర్లు కావాలక్కా?"

"లోపల ఎంత ఉందో ఎవరు చూసినారప్పా?"

"కంపెనీ వాళ్లు చూసే ఉంటారు కదక్కా."

"ఉంటారా, ఉన్నారా?"

రేణు ఫోన్ పెట్టేసి, అరలో ఉన్న పదకొండు సీసాలూ దించి, అట్టపెట్టెలో వేసి, అమ్మకూడదని రాసింది. వాళ్ల నాన్న శ్రీరంగప్పను అంగడిలో కూర్చోబెట్టి, ముసలామె ఊరివైపు పోయే రెండున్నర బస్సెక్కింది.

డెంకణికోట దాటాక బస్సు మెల్లగా పోతుంటే ఆమెకు అన్నీ అనుమానాలే. యతీశ్ ఆ సరుకు మీద పదికి రెండు సీసాలు ఉచితమని ఎందుకిచ్చాడు? తప్పు లేబుల్ అని తెలిసే వదిలించుకున్నాడా? ఇంటికి పోగానే సీలు తీసి ముసలామె పిల్లకు పట్టేసిందా? ఒక్కరోజుకు ఏమీ కాదని చదువు చెబుతోంది. మరి చదువు పొద్దున ఏం చెప్పింది?

అంచెట్టిలో దిగి టీ అంగట్లో అడిగితే దారి చెప్పారు. అరగంట నడక. ఇంటి ముందు రాళ్ల మీద ఎండ పడుతోంది. కావ్యశ్రీ చొక్కా లేకుండా ఆ ఎండలో నిలబడి, మేకపిల్ల చెవి పట్టుకుని లాగుతోంది. వంకర కాళ్ల మీదే, కానీ పట్టు లేకుండా నిలబడింది.

మునివెంకటమ్మ ఆమెను చూసి లేవలేదు. "ఇంత దూరం వచ్చినావంటే ఏదో ఉండాది," అంది.

"అవ్వా, ఆ మందు పట్టినావా?"

"ముందు ఎందుకో చెప్పు."

"పట్టినావా లేదా చెప్పవ్వా!"

ముసలామె లోపలికి పోయి రాగిపిండి డబ్బా వెనక నుంచి సీసా తెచ్చింది. సీలు అలాగే ఉంది. "లేదు. నీ మాట నమ్మలేదు. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకపోయి చూపిద్దామని పెట్టినా."

రేణు గుమ్మం మీదే కూర్చుండిపోయింది. "నేను పొద్దున లెక్క తప్పు వేసినాను అవ్వా."

"తప్పా?"

"ఒక పడి నిండా రాగులు, ఒక పడి నిండా బొరుగులు, బరువు ఒకటేనా?"

"ఎట్లైతుంది?"

"అట్లే. ఎ విటమిన్‌కు ఒక లెక్క, డి విటమిన్‌కు ఇంకో లెక్క. నాలుగు నూర్లు పోయి పది కావాల్సింది. ఈ సీసా మీద రాగుల లెక్క తెచ్చి బొరుగులకు పెట్టినారు. నేనూ అదే చేసినాను."

"పది అని ఉండాల్సిన చోట నూట ఇరవై." మునివెంకటమ్మ సీసాను ఎండకెత్తి చూసింది, లోపలి మందే చెబుతుందేమో అన్నట్టు. "అయితే మందు ఎక్కువుండాదా, లేక రాత తప్పా?"

"తెలియదు."

రేణుకు ఆ మాట చెప్పడం చాలా కష్టమైంది. అయితే ముసలామె ముఖంలో ఆ రోజు మొదటిసారి కొంచెం మెత్తదనం కనిపించింది. "పొద్దున ఈ మాట చెప్పినుంటే నమ్మినుంటాను," అంది. సీసా ఇచ్చింది గానీ, ముందు చీటీ రాయించుకుంది: రేణు అనే నేను ఈ సీసా వాపసు తీసుకున్నాను, తేదీ, సంతకం. చీటీలో తేదీ అంకెలు మాత్రం తానే పోల్చి చూసుకుంది. రేణు సంచిలో తెచ్చిన ఇంకో కంపెనీ సీసా చూపించింది, 400 ఐయూ అనీ, 10 మైక్రోగ్రాములు అనీ రెండూ రాసి ఉన్నది. దాన్ని కూడా మునివెంకటమ్మ తీసుకోలేదు. "డాక్టరు చూసినాక," అంది.

స్టిక్కర్లు ఆ వారమే వచ్చాయి. గుండ్రటి తెల్ల స్టిక్కర్లు, వాటి మీద చిన్నగా 10. యతీశ్ స్వయంగా తెచ్చాడు, ఒక సీసాకు అంటించి చూపించాడు కూడా. రేణు ఆ స్టిక్కరు గోటితో పెరికేసింది.

"లోపల పది ఉందని కాగితం తే. అప్పుడు అంటిస్తా."

"అందరూ తీసుకుంటుండారక్కా, మీరొక్కరే..."

"వాళ్లకు నా మాటగా చెప్పు, ఎవరూ అంటించొద్దని."

ఆమె మందుల తనిఖీ అధికారికి జాబు రాసి, రెండు లేబుళ్లూ దానికి జోడించింది. ఆయన వచ్చి సీలున్న సీసాలు నమూనాకు తీసుకుపోయాడు. అయిదు వారాల తర్వాత ఫలితం వచ్చింది. మిల్లీలీటరుకు నాలుగు వందల ముప్ఫై ఐయూ, అంటే పది మైక్రోగ్రాముల పైచిల్లర. మందు సరిగ్గానే ఉంది. నాలుగు నూర్లు తగ్గకుండా ఉండాలని తయారీలో కొంచెం ఎక్కువ వేయడం మామూలే. తప్పు రాతలోనే. లేబుల్ మార్చినప్పుడు ఎవరో వరుస మొత్తాన్నీ ఒకే అంకెతో హెచ్చవేశారట. కంపెనీ ఆ సరుకంతా వెనక్కి తీసుకుంది.

ఆ సంగతి చెప్పేసరికి మునివెంకటమ్మ ఎగిరి గంతేయలేదు.

"మందు బాగుంటే మంచిదే. పట్టకపోయినా నాకు నష్టం లేదు, డాక్టరు వేరేది రాసిచ్చినాడు." పక్కన కావ్యశ్రీ గాజు బల్ల పట్టుకుని మునివేళ్ల మీద లేస్తోంది. రెండో ఎక్స్‌రేలో ఎముక అంచులు గట్టిపడుతున్నాయని డాక్టరు చెప్పాడట.

"ఆ వేరేది నీ దగ్గరుండాదా?"

రేణు సీసా తెచ్చింది. 400 ఐయూ, 10 మైక్రోగ్రాములు. ముసలామె అడగకముందే కాగితం తీసి నాలుగు వందలను నలభైతో భాగించి చూపించింది. మునివెంకటమ్మ ఆ కాగితం తీసుకుని, మడిచి, రవికెలో పెట్టుకుని, డబ్బులిచ్చింది.