నూలు పున్నమి నాటి ఢిల్లీ టికెట్

నాకు కోపం ఎక్కువని, బొంబాయి దిక్కున ఉన్న మా తెలుగు నేతగాళ్ల భవాని పేట్ అంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ! ఒక పక్క ఎస్టీడీ ఫోను, ఇంకో పక్క రైలు టికెట్లు, విమానం టికెట్లు చూసుకునే ఆడమనిషి శాంతంగా ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎవరికైనా తెలిస్తే వచ్చి నా కుర్చీలో ఒక్క పూట కూర్చోమనండి.

ఆ ఏడు శ్రావణంలో నా కోపమంతా సిద్ధరాములు మామ మీద. మా వీధిలో చేమగ్గం మీద గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేసే మనిషి. ముప్పై ఏళ్లు నేశాడు. బట్ట మీద దుకాణం పేరు పడిందే కాని ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. అలాంటి మనిషికి ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. జర్మనీలో చేనేత ప్రదర్శన, అక్కడ మగ్గం వేస్తాం, జనం ముందు నేసి చూపించాలి, పేరు రాసి బట్ట పక్కన పెడతాం అని. ఆ ఉత్తరం ఆయన జేబులో మడతలు చిరిగేదాకా తిరిగింది.

ఢిల్లీలో జర్మనీ విమానం శనివారం తెల్లవారుజామున. పన్నెండు మంది నేతగాళ్లకు కలిపి గుంపు టికెట్టు. ఆ గుంపుతో ఎక్కకపోతే ఇక జర్మనీ లేదు. ఢిల్లీ చేరడానికి వాళ్లే శుక్రవారం సాయంత్రం బొంబాయి నుంచి విమానం టికెట్టు పంపారు.

ముందటి ఆదివారం పేపర్లో మూలకు ఒక చిన్న వార్త కనబడింది. విమానాలకు దారి చూపే కంట్రోలర్లు రేపటి నుంచి రూలు ప్రకారమే పని చేస్తారట. ఓవర్‌టైం చెయ్యరట. సమ్మె, అదే మా ఊళ్లో అనే సంపు, ఆ మాట వార్తలో లేదు. కాని మిల్లు సంపులు చూసిన ఊరండీ మాది, రూలు ప్రకారం పని అంటే సగం సంపని చంటిపిల్లకు కూడా తెలుసు. ఎవరినీ అడగకుండా స్టేషన్‌కు పోయి, గురువారం పొద్దున మా ఊరి మీదుగా ఢిల్లీ పోయే రైల్లో మామ పేర ఒక బెర్తు తీసేశాను. విమానం టికెట్టును మాత్రం ముట్టుకోలేదు. రెండో దారి చేతికొచ్చాక కూడా మొదటి దారిని తొందరపడి వదలకూడదు.

మంగళవారం బొంబాయిలో టికెట్ల కంపెనీలో పనిచేసే వాసుదేవ్‌కు ఫోన్ చేశాను.

"నిన్న ఢిల్లీ విమానాలు ఎంత లేటు?"

"పొద్దుటిది ఇరవై నిమిషాలు. సాయంత్రానిది మూడు గంటలు."

నాకు కావలసింది అదే. మామను పిలిపించి గురువారం రైలెక్కమన్నాను.

"గురువారమా! నూలు పున్నమి గద బిడ్డా. రథం మీద మగ్గం ఎవరు నేస్తరు, నీ అయ్యనా?"

శ్రావణ పున్నమి నాటి ఆ పండగకు మా పద్మశాలీలు మార్కండేయ స్వామిని ఊరేగిస్తారు. ఊరేగింపులో రథమని పిలిచే ఒక బండి మీద మగ్గం కట్టి, నడుస్తుంటేనే బట్ట నేసి, సాయంత్రానికి దేవుడికి కప్పుతారు. పదకొండేళ్లుగా ఆ మగ్గం మామదే.

"మూడు గంటలు లేటైతే మూడు గంటలు కూసుంట. పల్లీలు తింట. ఏమైతది?" అన్నాడు.

"అరె మామా, ఒక్క విమానమే దినమంతా ఐదారు ట్రిప్పులు కొడ్తది. కంట్రోలర్లు విమానానికీ విమానానికీ నడుమ ఎడం పెంచిన్రు, దిగాలన్నా లేవాలన్నా లైను కట్టుడే. పొద్దున ఇరవై నిమిషాలు, తర్వాతి ఊర్ల ఇంకో ముప్పై. నీది ఆఖరి ట్రిప్పు. అప్పటికి పైలట్ల డ్యూటీ గంటలు నిండిపోతయ్. రూలుండంగ వాళ్లు నడపరు, విమానం క్యాన్సిల్. ఆ మందంతా తర్వాతి విమానాల మీద పడ్తరు."

"అయితే పొద్దుటిది ఎక్కియ్యి."

"అడిగిన. శుక్రవారం పొద్దుటిది నిండిపోయింది."

"జాన్ దే, పోనియ్యి బిడ్డా. శుక్రవారం దాకా చూద్దాం."

"శుక్రవారం రైలెక్కితే శనివారం మధ్యాహ్నం దిగుతవ్! అప్పుడు మొగులు దిక్కు చూసి చెయ్యి ఊపుతవా?"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. దుకాణానికి తాళం వేసి వెనకాలే వాళ్లింటికి పోయాను.

మామ అప్పటికే మగ్గం మీద ఉన్నాడు. ఆయన భార్య యమునాబాయి అత్త పక్కన నూలు కండెలు చుడుతోంది. రథం సంగతి మాట్లాడటానికి వచ్చిన కులపెద్ద నర్సప్ప తాత గడప మీద తమలపాకు నములుతున్నాడు. నేను నోరు తెరిచేలోపు పడుగులో ఒక పోగు తెగింది. మామ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎందుకాపినవ్? వేల పోగుల్ల ఒక్కటే గద, పోనియ్యి" అన్నాను.

"పిచ్చిదానా! ఇప్పుడాపకుంటే పక్క పోగులను చుట్టుకుంటది, అవి గూడ తెగుతయ్. జానెడు బట్ట ఖరాబైనంక..."

అక్కడికి ఆగి నా మొహం చూశాడు. అత్త కిసుక్కున నవ్వింది.

"సమజైందా ఇప్పుడు? పిల్ల గదే మొత్తుకుందని ఇప్పుడే నవ్వుకుంట చెప్తివి."

మామ తెగిన పోగును ముడివేశాడు. కాని పోగును అటూ ఇటూ దాటించే నాడె ఎత్తలేదు. "మరి రథం?" అన్నాడు చిన్నగా. ఆ గొంతు విని నా కోపం దిగిపోయింది. జర్మనీ ఎంత కావాలో ఆయనకు రథమూ అంతే కావాలి, పాపం.

"నేను నేస్త" అంది అత్త.

నర్సప్ప తాతకు ఆకు గొంతులో పడింది. "ఆడోళ్లు రథమెక్కుడు ఎప్పుడన్న ఉన్నదా?"

"ఇంట్ల సగం బట్ట నేను నేస్తనే ఉన్న. నేను చుట్టిన కండెతోని నేసిన బట్ట ఇన్నేండ్లు కప్పుకున్నడు దేవుడు. నాడె నేనేస్తే సలి పెడ్తదా?"

తాత చాలాసేపు నమిలాడు. "మొదటి నాడె సిద్ధరాములే ఎయ్యాలె" అన్నాడు చివరికి. ఆ మాట చాలు.

గురువారం సూర్యుడు వస్తుండగానే గుడి ముందు మామ బండెక్కి నాలుగు పోగులు నేశాడు. నాడె అత్త చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ, సంచితో రిక్షా ఎక్కాడు.

శుక్రవారం మధ్యాహ్నం నేనే వాసుదేవ్‌కు ఫోన్ చేశాను. ఎక్కడో ఒక పెద్ద విమానాశ్రయంలో రాడార్ కూడా ఆగిందట. ఉన్న లేటు మీద ఇంకో లేటు. సాయంత్రం ఆరింటికి తనే చేశాడు, వెనకాల జనం అరుపులు వినిపిస్తున్నాయి. మామ ఎక్కవలసిన విమానం రద్దయింది.

ఏడు దాటాక ఢిల్లీ నుంచి మామ ఫోను. మధ్యాహ్నమే చేరాడు, స్నానం చేశాడు, రెండుసార్లు తిన్నాడు. బొంబాయి దారిన రావలసిన ఇద్దరి జాడే లేదట, వాళ్ల గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. నేను కేకేస్తే అత్త చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఫోను చెవికి దూరంగా పట్టుకుంటుంది గనుక ఆయన మాటలు నాకూ వినబడ్డాయి.

"బట్ట ఎంతయింది?"

"మూడు గజాలు. దేవునికి కప్పిన్రు."

"పోగు తెగిందా?"

"రెండుసార్లు. తెగంగనే బండి ఆపించిన. ఎన్క లేజిమ్ ఆడేటోళ్లు, బ్యాండోళ్లు, అందరు ఆగిన్రు. తాత గొణిగిండు. గొణగనీ."

అవతల మామ పెద్దగా నవ్వాడు.

"యమునా, ఈడ బట్ట పక్కన పెట్టే పేరు రాసుకుంటున్నరు. రెండు పేర్లు రాయమన్న. సిద్ధరాములు, యమునాబాయి."

అత్త అటు తిరిగి కొంగుతో మొహం ఒత్తుకుంది. ఫోను మీటరు తిరుగుతూనే ఉంది, బయట ముగ్గురు లైన్లో నిలబడి నన్ను తొందరపెడుతున్నారు.

"ఆగుండ్రి!" అని అరిచాను వాళ్ల మీద.