బెల్లు జోకు చివరి మాట

చెల్లెలిది నవ్వించే వృత్తి, అక్కది నర్సు ఉద్యోగం. రెండింటిలో ఏది గౌరవమైనదో వాళ్ళింట్లో ఎవరినీ అడగక్కర్లేదు. అక్క వస్తే లేచి కుర్చీ ఇస్తారు, చెల్లెలు వస్తే "ఏదీ, ఒకటి చెప్పు" అంటారు. అలాంటిది, ఆస్పత్రి వార్షికోత్సవానికి ఎవరిని పిలుద్దామనే మాట వచ్చినప్పుడు అక్కే చెల్లెలి పేరు చెప్పిందట. అది తెలిసినప్పటి నుంచి చెల్లెలికి ఒకటే బెదురు. వేరే చోట జోకు పేలకపోతే తన ముఖమే మాడుతుంది. ఇక్కడ మాడితే, రేపు ఆ ముఖాల మధ్య డ్యూటీ చేయాల్సింది అక్క.

వార్డుల పక్కనే ఉన్న మీటింగు హాల్లో కార్యక్రమం. గుమ్మం దగ్గర అక్క ఎదురొచ్చి ముక్తసరిగా ఒక మాట చెప్పింది. చాలాకాలంగా తమ వార్డులో ఉన్న పెద్దాయన ఆ పొద్దునే పోయాడట, ఆ ఊసెత్తవద్దట. చెప్పేసి వెనక వరుసలోకి వెళ్ళి కూర్చుంది.

చెల్లెలు ఎప్పుడూ తన మీద తానే వేసుకునే చిన్న జోకుతో మొదలుపెడుతుంది. మైకు తన నుదుటి ఎత్తులో ఉందని, మాటలు ఆలోచించే చోటే పెట్టారని అంది. అది నవ్వు కోసం వేసే జోకు కాదు, గదిలో వాళ్ళ నాడి చూసుకోవడానికి వేసేది. ముందు వరుసలో డాక్టర్లు హాయిగా నవ్వారు. మధ్యలో ఆఫీసు వాళ్ళు సూపరింటెండెంటు ముఖం చూసి, ఆయన నవ్వాడని తేల్చుకుని అప్పుడు నవ్వారు. వెనక వరుసలో అప్పుడే డ్యూటీ దిగిన నర్సులు. చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, పెదవులతో మాత్రం మర్యాదగా నవ్వారు. ఎర్రబడ్డ కళ్ళతో ఉన్న ఒకమ్మాయి ముఖంలో అదీ లేదు.

కొత్తవాళ్ళయితే ఇక్కడే గొంతు పెంచుతారు, "ఏంటండీ, నిద్రపోతున్నారా" అని దెప్పుతారు. అలిసిపోయిన మనిషిని అంతకంటే అవమానించే మాట ఉండదు. చెల్లెలు గొంతు తగ్గించింది. ఎన్నో మలుపులుండే పెళ్ళి కథ వదిలేసింది, అంత దూరం వినే ఓపిక ఆ చెవులకు లేదు. చావు ప్రస్తావన ఉన్న జోకైతే నాలుక దాకా కూడా రానివ్వలేదు. పొట్టివి, తేలికవి చెప్పింది. ఆ ఎర్రకళ్ళ అమ్మాయి వైపు చూపు నిలపలేదు. ఏడ్చే హక్కు కూడా మనిషికి ఉండాలి కదా.

అయితే ముందు వరుస నవ్వు మహా చెడ్డది, మనిషిని ఉబ్బేస్తుంది. ఆ ఊపులో చెల్లెలు తన గట్టి సరుకు బయటికి తీసింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని బెల్లు కొడితే, నర్సు వచ్చేలోపు జబ్బు నయమై, ఇంటికెళ్ళి, మళ్ళీ చెకప్‌కి వచ్చానని చివరి మాట. ఎక్కడ చెప్పినా పేలే జోకు.

"మంచం మీద పడుకుని బెల్లు కొట్టానండీ" అంది.

సరిగ్గా అప్పుడే బయట వార్డులో నిజంగా బెల్లు మోగింది. వెనక వరుసలో అన్ని పాదాలూ ఒక్కసారిగా చెప్పులు వెతుక్కున్నాయి. డ్యూటీ దిగిపోయిన పాదాలు. అక్కవి కూడా. మరుక్షణం గుర్తొచ్చి, ఎవరికి వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. ముందు వాళ్ళెవరూ అది చూడలేదు. చెల్లెలు చూసింది, చూసి సిగ్గుపడింది.

కాసేపు ఆగింది. ఆ ఆగడం జోకులో భాగమే అనుకున్నారు అందరూ.

"నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏమైందమ్మా అంది. టీవీ రిమోటు కనబడక కొట్టాను. తీరా చూస్తే అది నా చేతిలోనే ఉంది. సిగ్గేసి, నొప్పండీ అన్నాను. ఎక్కడ అంది. ఆలోచించుకుని మళ్ళీ బెల్లు కొడతాను, మీరు వెళ్ళండి అన్నాను."

ఈసారి నవ్వు వెనక నుంచి మొదలైంది. ఒకావిడ పక్కావిడ భుజం మీద వాలిపోయి, ఫలానా మంచం ఆయనే అంటూ నవ్వింది. సూపరింటెండెంటు వెనక్కి తిరిగి చూసి, అప్పుడు నవ్వాడు. ఎర్రకళ్ళ అమ్మాయి నవ్వలేదు గానీ, తల ఎత్తింది.

అంతా అయ్యాక మెట్ల దగ్గర అక్క కలిసింది.

"చివర మార్చావు కదూ" అంది.

చెల్లెలు తెల్లబోయింది. తన జోకులు అక్క ఏనాడూ విననే లేదనుకుంటోంది మరి.

"అన్నీ ఫోన్లో వింటాను. ఆ పాతది విని పడీపడీ నవ్వాను కూడా, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు. ఇవాళ నువ్వు బెల్లు అనగానే గుండె ఆగినంత పనైంది. వీళ్ళ పక్కన కూర్చుని దానికెలా నవ్వను?"

చెల్లెలు అక్క చేయి పట్టుకుంది. అక్క మెట్టు మీద కూర్చుని, మళ్ళీ చెప్పులు విప్పేసి, "ఏదీ, ఆ రిమోటుది ఇంకోసారి చెప్పు" అంది.