నాలుగు పని దినాలు

తప్పు నాదే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లంతా నన్ను ఓదార్చడానికే చూస్తున్నారు. "నువ్వేం జేస్తవ్ రుక్మక్కా, నీ రూలు నీది" అంటున్నారు. రూలట, రూలు. ఆ రూలు రాసిందీ నేనే, దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగిందీ నేనే.

నిజామాబాదులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని అనువాదాలు చేస్తాను. ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు, ఉర్దూ నుంచి తెలుగుకు. మా బాపు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెక్కపెట్టె పెట్టుకుని దస్తావేజులు రాసేవాడు. గొలుసుకట్టు ఉర్దూ చదవడం నాకు ఆయన పెట్టిన భిక్ష. ఈ జిల్లాలో అరవై ఏళ్ల కిందటి భూమి కాగితాలు చాలావరకు ఆ రాతలోనే ఉన్నాయి, చదవగలిగినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. అందుకని నాకు పనికి కొదవ లేదు.

పనికి లేదు గానీ, సిగ్గులేనివాళ్లకూ కొదవ లేదు. వర్ని నుంచి ఒక పెద్దమనిషి వచ్చి నలభై పేజీల పంపకాల కాగితాలు ఇచ్చిపోయాడు. పదిహేను రోజులు కళ్లు పోగొట్టుకుని చేశాక, అన్నదమ్ములు రాజీపడ్డారట, "ఎంతయితదని అడిగిన గని నిన్ను చెయ్యమన్ననా?" అన్నాడు. నోట్లో మన్ను పడ్డట్టయింది. ఆనాటి నుంచి కొటేషన్ మెయిల్ పంపకుండా, దానికి సరేనని జవాబు రాకుండా కలం పట్టలేదు. ఫోనులో బేరాలు కూడా బంద్ చేశాను. ఏదైనా మెయిల్లోనే.

ఆ కొటేషన్ ఇంగ్లీషులో ఉంటుంది. నాకు పని ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలవాళ్లు, వకీళ్లు. వాళ్ల కోసం ఒకసారి రాసిపెట్టుకున్నాను. పేరు, మాటల లెక్క, మొత్తం మార్చి పంపడమే పని. ఎవరు అడుగుతున్నారో చూడకుండా పంపడానికి అలవాటు పడిపోయాను.

రూతమ్మ మెయిల్ ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చింది. ఆమె బోధన్లో ఒక ప్రైవేటు దవాఖానాలో ఆయాగా చేస్తుందని నాకు తరువాత తెలిసింది. మెయిల్లో ఆరు ఫోటోలు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు: "మేడం, మా నాయిన ప్లాటు కాగితం. వచ్చే సోమారం కోర్టు ఉంది. ఇంగ్లీష్ చేయాలి. ఎంత అయితది, ఎన్ని రోజులు." దాని కింద ఫోన్ నెంబరు. ఫోటోలు పెద్దవి చేసి చూశాను. రెండు పేజీల రిజిస్ట్రీ దస్తావేజు, 1961 నాటిది. మిగతా నాలుగు పన్ను రసీదులు, అవీ చేతిరాతే.

పంక్తులు లెక్కపెట్టి, పంక్తికి సగటున ఎన్ని మాటలో చూసి, మొత్తం పన్నెండు వందల మాటలని అంచనా కట్టాను. మంగళవారం పొద్దున కొటేషన్ పంపాను. ఉర్దూ మాటకు మూడు రూపాయలు, పాత చేతిరాత కాబట్టి మీద యాభై పైసలు, మొత్తం నాలుగు వేల రెండు వందలు. గడువు నాలుగు పని దినాలు. మీరు సరేనని మెయిల్లో రాసి, సగం సొమ్ము పంపిన తరువాతే పని మొదలవుతుంది. పని ఇచ్చిన ఏడు రోజుల్లో నా తప్పులేవైనా కనిపిస్తే ఒకసారి ఉచితంగా దిద్దుతాను, మీరు కొత్త కాగితాలు కలిపితే వాటికి రేటు వేరే. ప్రతి పేజీకీ నా సంతకం, ధ్రువీకరణ ఉంటాయి. ఈ ధర పదిహేను రోజుల వరకే. అంతా చక్కగా, ఇంగ్లీషులో, కామా కూడా తప్పకుండా.

మంగళవారం పోయింది, బుధవారం పోయింది, జవాబు లేదు. గురువారం ఒకసారి ఆ మెయిల్ తెరిచాను. "వచ్చే సోమారం కోర్టు ఉంది" అన్న మాట మళ్లీ చదివాను. ఫోన్ నెంబరు కళ్ల ముందే ఉంది. ఒక్క ఫోను చేస్తే నా ముల్లె ఏం పోయేది కాదు. కానీ పని కోసం వెంటపడితే రేటు సగానికి తెగ్గొడతారని, ఇంకెక్కడో చవకగా దొరికి ఉంటుందని అనుకున్నాను. నా అహంకారం మండా, మెయిల్ మూసి చందూరు వాళ్ల వీలునామా ముందు పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున ఏడుంబావుకు తలుపు తడితే తీశాను. నలభై దాటిన ఆడమనిషి, చేతిలో టిఫిన్ డబ్బా సంచి. వెనుక మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఊపిరి తీసుకుంటోంది.

"నేను రూతమ్మ అక్కా, బోధన్ నుంచి. మా కాగితాలు అయినయి గద, తీస్కపోదామని వచ్చిన. ఈమె మా అవ్వ శారమ్మ, నన్ను కన్నతల్లి."

"మీరు జవాబు రాయలేదు గదమ్మా" అన్నాను.

"దేనికి అక్కా? మీరు నాలుగు రోజులన్నరు. మొబైల్ షాపు హన్మండ్లు సదివి చెప్పిండు. నాలుగు రోజులు, నాలుగు వేల రెండు వందలు అని. మంగళారం నుంచి లెక్కపెట్టుకున్న, శనారం అయినట్టే గద. శనారం నాకు డ్యూటీ, నిన్న చర్చి, మీరు గూడ ఇంట్ల ఉంటరో ఉండరో అని, పొద్దుగాల ఫస్టు బస్సుకు ఎక్కినం." సంచిలోంచి ఒక కవరు తీసి చూపించింది. "పైసలు మొత్తం తెచ్చిన. పని అయినంక ఇచ్చుడే గద."

అవును, పని అయినంక ఇచ్చుడే. బోధన్ బజారులో జాకెట్టు కుట్టించినా, మంచం అల్లించినా అంతే. నా మెయిల్‌లోని అంకెలు ఆమెకు చేరాయి, మాటలు చేరలేదు. ఊరందరి కాగితాలూ ఊరందరికీ తర్జుమా చేసే మనిషిని, నా సొంత కాగితాన్ని మాత్రం తర్జుమా చెయ్యలేదు.

"పని మొదలు పెట్టలేదు" అన్నాను. ఆమె నా మొహం చూసింది, అర్థం కానట్టు ఒకసారి నవ్వింది, తరువాత నవ్వడం మానేసింది.

కేసు ఏమిటో అప్పుడు అడిగాను. వాళ్ల నాయిన మోషే చెరుకు బండ్లు తోలి కూడబెట్టుకున్న పైసలతో కొన్న ప్లాటు. అందులో రెండు గదుల ఇల్లు. పక్క పొలం కొన్న ఒక వ్యాపారి, ఆ ప్లాటు కూడా తన సర్వే నెంబరులోదేనని దావా వేశాడు. ఉర్దూ కాగితం తర్జుమా లేకుండా కోర్టు చూడదు. రెండు వాయిదాలు పోయాయి. ఇది ఆఖరిదని పోయిన వాయిదాలోనే జడ్జి చెప్పాడట.

వకీలుకు ఫోను చేయించాను. "పదిన్నరకు పిలుస్తరు. కొంచెంసేపు పక్కకు పెట్టమని అడుగుత, ఒప్పుకుంటరో లేదో. రసీదులు తర్వాత సంగతి, దస్తావేజొక్కటన్న పట్టుకురాండ్రి" అన్నాడు.

కూర్చున్నాను. టీ కూడా తాగలేదు. బాపు రోజుల్లోని రాత, సిరా అక్కడక్కడా కరిగిపోయింది. తొందరలో హద్దులు తప్పు రాస్తే ఇల్లే మారిపోతుంది, కాబట్టి తొందరపడటానికీ లేదు. తూర్పున కాలువ, పడమట పోశన్న ఇల్లు, ఉత్తరాన బండ్ల బాట, దక్షిణాన అమ్మినవాడి పొలం. మూడు వందల గజాలు. సర్వే నెంబరు స్పష్టంగా ఉంది, వ్యాపారి చెప్పే నెంబరు కాదు. చివర్లో అమ్మినవాడు రాయించిన మాట: ఈ స్థలం మీద నాకు గానీ నా వారసులకు గానీ ఇకపై ఎలాంటి హక్కు లేదు, మోషే, అతని భార్య శారమ్మ, వారి సంతానం దీన్ని అనుభవించాలి. ఇంత గట్టి కాగితం నేను ఈ మధ్య చూడలేదు. చదువుతుంటే సంతోషం కలగాల్సింది పోయి గడియారం వైపు చూశాను.

తొమ్మిదీ నలభైకి ప్రింటు తీసి, రెండు పేజీలకూ సంతకాలు పెట్టాను. రూతమ్మతోపాటు నేనూ బోధన్ బస్సెక్కాను. ముసలామె మా మధ్య కూర్చుంది. దారి పొడుగునా ఆమె కాగితాల కవరు మీద చెయ్యి పెట్టుకునే ఉంది.

బోధన్ కోర్టు గేటు దగ్గర దిగేసరికి పదకొండు కావస్తోంది. వకీలు వరండాలో నిలబడి ఇంకో కేసు కట్ట విప్పుతున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"పదిన్నరకే పిలిచిండ్రు. పాస్ ఓవర్ అడిగిన, కొంచెంసేపు ఆపుండ్రని, జడ్జి ఒప్పుకోలే. మూడో వాయిదా ఇది, ఎవిడెన్స్ క్లోజ్ అన్నరు. ఇగ కొత్త కాగితాలు తీస్కోరు, వాదనలే."

"మళ్లీ తెరవమని పిటిషన్ వెయ్యొచ్చు గదా" అన్నాను.

"వేద్దాం మేడం. వేస్తే ఎందుకు ఆలస్యమైందని అడుగుతరు. ఏం రాయాలె? తర్జుమా చేసేటామె జవాబు కోసం ఎదురుచూసిందని రాయాల్నా?" వెటకారం లేదు ఆ గొంతులో, విసుగే ఉంది. "మొదలే ఈ కాగితం ముందట పెట్టుంటే మన కేసు నిలిచేది. ఇప్పుడు చెప్పలేను" అని లోపలికి వెళ్లిపోయాడు.

వరండా చివర బల్ల మీద కూర్చున్నాం. రూతమ్మ ఏడవలేదు. ఫోను తీసి నా మెయిల్ తెరిచి నా చేతిలో పెట్టింది.

"అక్కా, గిండ్ల ఏమున్నదో తెలుగుల చెప్పుండ్రి. నేనేడ తప్పిన్నో తెలుసుకుంట."

చెప్పాను. ఒక్కొక్క వాక్యం, తెలుగులో. రేటు, గడువు. "మీరు సరేనని రాసి, సగం సొమ్ము పంపినాక పని మొదలు."

"సరే అని రాస్తే అయిపోతుండెనా?"

"అయిపోయేది."

"సగం పైసలు ఆ దినం నా దగ్గర్నే ఉండె అక్కా." ఆమె నా వైపు చూడలేదు. "తర్వాత?"

తరువాతి వాక్యం దాటెయ్యాలనుకున్నాను. ఆమె ఎదురుచూస్తోంది గనుక చదివాను. "నా తప్పు ఏదైనా కనిపిస్తే, ఏడు రోజుల్లో, ఒకసారి, ఉచితంగా దిద్దుతాను." రూతమ్మ ఫోను తీసుకుని సంచిలో వేసుకుంది. కవరులోంచి నోట్లు తీసి నా ఒళ్లో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నన్ను తిట్టమ్మా అని అడగాలనిపించింది. తిడితే కొంచెం తేలికపడేదాన్ని.

అవతలి నుంచి శారమ్మ కూతురి భుజం తట్టింది. ఆమెకు చెవులు సరిగా వినబడవు.

"ఏమంటున్నది బిడ్డ? మీ నాయిన కాగితంల ఏమున్నదట?"

రూతమ్మ ఆమె చెవి దగ్గరకు వంగింది. "జాగ మనదే అని ఉన్నదట అవ్వా. నీ పేరు గూడ రాసున్నదట."

ముసలామె మొహం విప్పారింది. నా వైపు తిరిగి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నాకెర్కనే బిడ్డా, గాయన నా పేరు రాయించిన్నని చెప్తుండె. మరి లోపట జడ్జికి చెప్పిండ్రా?"