తప్పుల్లేని కాగితం

మామగారికి ఫోన్లో యాప్ అంటే ఒళ్లు మంట. కొడుకు ముచ్చటపడి మందు వేళ గుర్తుచేసేది ఒకటి ఎక్కించి ఇస్తే, అది పూటకోసారి ఏదో అడిగేది, పాస్‌వర్డ్ మరిచిపోతే అలిగి కూర్చునేది. పైగా "చుక్కలు వేసుకొండి" అని రాసేది. "దీనికి దీర్ఘమే రాదు, నాకు వైద్యం చేస్తుందట!" అని దాన్ని వెంటనే తీయించేశాడు. అచ్చాఫీసులో జీవితమంతా ప్రూఫులు దిద్దిన మనిషి మరి, హోటలుకెళ్లినా ముందు మెనూలో తప్పులు చూస్తాడు, తర్వాతే ఆకలి.

అయితే కంట్లో ఒత్తిడి పెంచే నీటికాసుల జబ్బుకి దీర్ఘాలూ హ్రస్వాలూ పట్టవు. రోజూ రాత్రి రెండు కళ్లలో చుక్కమందు పడాల్సిందే. మానితే చూపు కొంచెం కొంచెంగా పోతుందని, పోయింది మళ్లీ రాదని డాక్టరమ్మ చెప్పింది. ఆయనేమో గుర్తొచ్చిన రోజున వేసుకునేవాడు.

కోడలు మందుల షాపులో పని చేస్తుంది, ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం, దాని మీద మూడు మాటలు: కంటి చుక్కలు, గ్యాస్, పెరటి తలుపు. పక్కన వారానికి సరిపడా గళ్లు. దారంతో కట్టిన పెన్ను. ఆయన ఫోన్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒకే ఒక్క అలారం.

"గంట మోగగానే లేచి, కాగితం చూసి టిక్ పెట్టండి మామయ్యా. అంతే!"

"ఓస్, ఇంతేనా!" అన్నాడాయన.

ఒక్క గడి ఖాళీ ఉంటే ఒట్టు. వారం వారం నిండిన కాగితాలు చూసి కోడలు మురిసిపోయింది. నెల తిరిగాక వాటిని పట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు దర్జాగా వెళ్లింది.

కంటి ఒత్తిడి దిగలేదు. "మందు పనిచేయట్లేదంటే ఆపరేషన్ గురించి ఆలోచించాలి" అని, "ఏదీ, సీసా ఇవ్వండి" అంది డాక్టరమ్మ. వెలుతురుకి పెట్టి చూసింది. ఈపాటికి ఖాళీ కావాల్సిన సీసాలో మందు ఇంకా సగం ఉంది.

కోడలికి తల కొట్టేసినట్టయింది. రోజంతా ఊరందరికీ మందులు లెక్కపెట్టి ఇచ్చేది తనే, ఇంట్లో సీసా మాత్రం ఎత్తి చూడలేదు. ఆ ఉక్రోషమంతా ఆటోలో ఆయన మీదే పడింది. "దొంగ టిక్కులు పెట్టారా మామయ్యా? మీ చూపుతోనే ఆటలా?"

ఆయన రోడ్డువైపు తిరిగిపోయాడు. ఇంటికొచ్చి భోజనం చేయనన్నాడు.

మర్నాడు ఆమెకు సెలవు. ఎనిమిదింటికి గంట మోగింది. మామగారు కళ్లద్దాలు సవరించుకుని ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. ఒక్కో మాట మీద పెన్ను ఆనించి పెదవులు కదుపుతూ చదివాడు. "కంటి చుక్కలు... కరెక్టే." టిక్. "గ్యాస్... కరెక్టే." టిక్. "పెరటి తలుపు... కరెక్టే." టిక్. అలారం ఆపి కుర్చీలో కూర్చున్నాడు.

"అదేంటి మామయ్యా, చుక్కలు వేసుకోలేదుగా?"

"కాగితం చూసి టిక్ పెట్టమన్నావు. చూశాను. తప్పుల్లేవు." కళ్లద్దాలు తీశాడు. "చదవకుండా టిక్ పెట్టడం నా చేతికి రాదమ్మా. నువ్వు దొంగ టిక్కులన్నావు."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ప్రూఫు చూసే మనిషికి ప్రూఫిచ్చి, మందు ఎందుకు వేసుకోలేదని తిట్టింది తను! "తప్పు నాదే మామయ్యా, క్షమించండి" అని ఆయన మోకాళ్ల దగ్గర కూలబడింది. ఆయన మోకాళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

ఆ రాత్రే కొత్త సీసా తెరిచి దగ్గరుండి చుక్కలు వేయించింది. తర్వాత కాగితం తిరగరాసింది. ఈసారి మాటలు కాదు, వాక్యాలు.

'నేను ఇప్పుడే రెండు కళ్లలో చుక్కలు వేసుకున్నాను. గ్యాస్ కట్టేశాను. పెరటి తలుపు గడియ వేశాను.'

మరుసటి రాత్రి షాపు నుంచి త్వరగా వచ్చి గుమ్మంలోనే ఆగింది. గంట మోగింది. ఆయన మొదటి వాక్యం చదివాడు, మళ్లీ చదివాడు. "అక్షరాలు సరే. విషయం తప్పు" అని గొణుక్కుని, గదిలోకి వెళ్లి, తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకుని, కళ్లు మూసుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత వచ్చి టిక్ పెట్టాడు. అబద్ధాన్ని ఒప్పు అని వదిలిపెట్టడం ఆయన వల్ల కాదు.

తర్వాతి పరీక్షలో ఒత్తిడి దిగింది. ఆపరేషన్ మాట ప్రస్తుతానికి అక్కర్లేదంది డాక్టరమ్మ. కోడలు అక్కడే కళ్లు తుడుచుకుంది. ఆటోలో మామగారు మాత్రం మళ్లీ రోడ్డువైపే మొహం తిప్పి కూర్చున్నాడు.

ఆ రాత్రి ఆమె షాపు నుంచి ఇల్లు చేరేసరికి కాగితం కింద ఆయన గుండ్రటి దస్తూరీలో నాలుగో వాక్యం ఉంది.

'నాకు కోడలి మీద కోపం పోయింది.'

దాని పక్కన టిక్ కూడా పెట్టి ఉంది.