పైనాపిల్ కోసే చెయ్యి

నా చెల్లెలు పూజకు పైనాపిల్ కోయడం నేర్పింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే నా కోపం కొంతైనా దిగుతుందేమో అని చెబుతున్నాను.

నేర్పడమంటే అలా ఇలా కాదు. కత్తి మొద్దుబారితే పింగాణీ కప్పు బోర్లించి, దాని అడుగున గరుకుగా ఉండే అంచు మీద నాలుగుసార్లు గీస్తే చాలని చూపించాను. కోసే పలక జారకుండా దాని కింద తడిగుడ్డ పరచాలని చెప్పాను. ముందు పైన ఆకుల పిలక, కింద అడుగు తీసేసి పండును నిలబెట్టాలి. పై నుంచి కిందికి, పండు ఒంపును పట్టుకుని, చెక్కు పలచగా తీయాలి. ఎంత పలచగా అంటే, చెక్కు కింద ఉండే నల్లటి కళ్లు పండులోనే ఉండిపోవాలి. ఆ కళ్లు చూస్తే ఎక్కడపడితే అక్కడ ఉన్నట్టుంటాయి గానీ, పండును పక్కకు పడుకోబెట్టి చూస్తే ఏటవాలుగా వరుసలు కట్టి ఉంటాయి. ఆ వరుసకు ఇటు ఒక వాలుకోత, అటు ఒక వాలుకోత వేస్తే కళ్లన్నీ ఒక సన్నటి పట్టీలా లేచి వస్తాయి. పండు పోదు.

పూజకు ఓపిక తక్కువ. "కండ్లు పోయేదాక మందంగ చెక్కుతే ఒక్కసారే అయిపోతది గదక్కా" అనేది. "అయితది, సగం పండు గూడ అయిపోతది" అని నేను దాని నెత్తిన మొట్టేదాన్ని. అమ్మ పోయినప్పుడు దానికి పదకొండేళ్లు. తలకు నూనె పెట్టింది నేను, బళ్లో వేసింది నేను, పెళ్లి చేసింది నేను. మొట్టే హక్కు నాకుందనుకున్నాను.

హన్మకొండలో మా ఇంటికి రెండు వీధుల అవతల రామలింగం సేటు ఆడపిల్లల హాస్టల్ నడుపుతాడు. నర్సింగ్ చదివే పిల్లలు. వరంగల్ బజారులో ఆయనకు కిరాణా దుకాణం కూడా ఉంది. వారానికి రెండు రోజులు పిల్లలకు పండు పెట్టాలని ఆయన నియమం. పొద్దున్నే పది పైనాపిల్స్ మా ఇంటికి పంపిస్తాడు. నేను కోసి పెద్ద స్టీలు డబ్బాలో వేసి మూత పెడతాను. నాకు బండి నడపడం రాదు కాబట్టి పూజ స్కూటీ మీద తీసుకుపోయి, హాస్టల్ వంటింట్లో కప్పుల్లో సర్దుతుంది. మూడేళ్లుగా ఇదే పద్ధతి. ఆ వీధిలో నా పేరే పండ్ల యమున. ఎవరింట్లో పేరంటం జరిగినా కత్తి నా చేతికే ఇచ్చేవారు.

నేను ముక్కలు లెక్కపెట్టను. కొలవను కూడా. మా అమ్మ వైపు వాళ్లం తినేదాన్ని లెక్కపెట్టం. రొట్టెలు లెక్కపెట్టినా, పండు ముక్కలు లెక్కపెట్టినా ఇంట్లో బరకత్, అంటే కలిమి, పోతుందని నమ్మకం. డబ్బా నిండిందా, మూత పెట్టామా, అంతే. ఆ నమ్మకమే నా కొంప ముంచిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఎండలు మొదలైన నెలలో ఒక శనివారం సేటు నన్ను హాస్టల్‌కు పిలిపించాడు. వెళ్లేసరికి వంటింట్లో బల్ల మీద రెండు పైనాపిల్స్ ఉన్నాయి. రెండూ ఒకే సైజు. పక్కన పూజ నిలబడి ఉంది, నా వైపు చూడకుండా కప్పులు తుడుస్తోంది.

"యమునమ్మా, నెల సంది కప్పులు సరిపోతలేవు" అన్నాడు సేటు. ఆయన గొంతు పెద్దది చేసే మనిషి కాదు. "పై అంతస్తుల ఆఖరి మూడు రూములకు పండే పోతలేదు. పిల్లలు నన్నడుగుతాండ్రు. అవే పది పండ్లు పంపుతాన. ఏమైతాంది?"

నాకు ఒళ్లు మండింది. "నా ఇంట్ల పండు ఉంచుకుంటాననుకుంటాండ్లా సేటూ?"

"అట్ల నేననలే. నీ చెయ్యి మందమైందంటాండ్రు. వయసు మీద పడ్డది, చూపు ఆనుతలేదు, సగం పండు చెక్కుతోనే పోతాంది అని."

"ఎవరన్నరు?"

సేటు బల్ల మీది పండ్లను నా వైపు జరిపాడు. ఈ మాట కచ్చితంగా వంటమనిషి మల్లికార్జున్‌దే అనుకున్నాను. నాకు మొదటి నుంచీ వాడి మీద అనుమానమే. ముక్కలు వాడే నోట్లో వేసుకుంటున్నాడు, నింద నా మీద వేస్తున్నాడు. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న వాడిని కళ్లతోనే కాల్చేశాను. పాపం, వాడు ఎందుకని కూడా తెలియక నవ్వాడు.

"మాటలెందుకు సేటూ. మీ ముంగటనే కోస్త. ఎన్ని కప్పులైతయో మీరే చూడండ్రి" అన్నాను.

"అందుకే పిలిచిన" అన్నాడు. ఇంతలో ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లాడు.

నేను పలక కింద తడిగుడ్డ పరిచాను. పిలక తీశాను, అడుగు తీశాను, పండును నిలబెట్టాను. అప్పుడు పూజ నా పక్కకు వచ్చి, కప్పులు జరుపుతున్నట్టు వంగి, నా చెవి దగ్గర అంది.

"అక్కా, జర మందంగ కొయ్యి."

నాకు అర్థం కాలేదు. "ఏందే?"

"మందంగ కొయ్యి. తర్వాత చెప్త. నీ కాళ్లు మొక్కుత."

దాని మొహం చూశాను. అప్పుడు అర్థమైంది. నెల రోజులుగా పూజ మడికొండలో ఐటీ ఆఫీసుల ముందు గొడుగు వేసుకుని పండ్ల కప్పులు అమ్ముతోంది. పండ్లు మార్కెట్‌లో తెచ్చి తనే కోస్తున్నానని చెప్పింది. అక్కడ పనిచేసే మా ఎదురింటి దీప్తి ఒకరోజు, "పూజక్క పైనాపిల్‌ల ఒక్క కన్ను గూడ ఉండదు అత్తా, అచ్చం నువ్వు కోసినట్టే ఉంటది" అంది. చెల్లెలికి ఇన్నాళ్లకు ఓపిక వచ్చిందని నేను పొంగిపోయాను. ఎదురు దీప్తికే చాయ్ పెట్టి ఇచ్చాను. అచ్చం నేను కోసినట్టే ఎందుకు ఉండదు? కోసింది నేనే.

చేతిలో కత్తి పట్టుకుని నిలబడిపోయాను. పలచగా కోస్తే నా పేరు నిలబడుతుంది. కానీ అంత పండు వస్తున్నప్పుడు మిగతాది ఎక్కడికి పోతోందని సేటు అడుగుతాడు. మా ఇంటికీ హాస్టల్‌కూ నడుమ డబ్బా ముట్టుకునేది పూజ ఒక్కతే. నా పేరు నిలబెట్టుకోవాలంటే దాన్ని పట్టివ్వాలి.

సేటు లోపలికి వచ్చాడు. "కానియ్యమ్మా" అన్నాడు.

నేను మందంగా కోశాను.

ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కళ్లు పూర్తిగా పోయేంత లోతుగా కత్తి దించి, పచ్చటి పండుతో సహా చెక్కులు చెక్కాను. ఒక్కో చెక్కు పళ్లెంలో పడుతుంటే ఎవరో నా చెంప మీద కొట్టినట్టుంది. పండును నిలువునా నాలుగు చేసి, నడుమ గట్టి బొడ్డు తీసి, ముక్కలు చేశాను. సేటు ముక్కలను కప్పుల్లోకి వేయించాడు. ఐదు కప్పులయ్యాయి. అందులో ఐదోది వెలితిగానే ఉంది.

సేటు చెక్కును వేళ్లతో పట్టుకుని వెలుతురులో చూశాడు. "నిజమే" అని మెల్లగా అన్నాడు. "బాధపడకమ్మా. అందరికీ వయసొస్తది."

నాకు నలభై ఆరేళ్లు. అయినా నోరు మూసుకున్నాను. బయటికి వెళ్లాక పూజను నాలుగు తిట్టి, రెండు తగిలించి, దొంగతనం మానిపించి, నెల తిరగ్గానే మళ్లీ ఈ పని తెచ్చుకోవచ్చని లెక్క వేసుకుంటున్నాను. అప్పుడు పూజ మాట్లాడింది.

"చూసిండ్రా అంకుల్? నేను చెప్పిన గద. అక్కకు చెప్తే బాధపడతదని ఇన్ని రోజులు ఊకున్న. ఈ పని నాకియ్యుండ్రి, ఇంట్లనే కోసి తెస్త. ఒక్క రూము గూడ తక్కువ కాదు."

నా కాళ్లు మొక్కుతానన్న నోరే అది. మందంగా కొయ్యమంది తన తప్పు కప్పుకోవడానికి మాత్రమే కాదు, నా పని లాక్కోవడానికి. నా చెయ్యి మందమైందని నెల రోజులుగా సేటు చెవిలో ఊదింది మల్లికార్జున్ కాదు, ఇదే. పొయ్యి దగ్గర వాడు పప్పు కలపడం ఆపి నన్నే చూస్తున్నాడు. పరాయివాడి కళ్లలో ఉన్న జాలి నా చెల్లెలి కళ్లలో లేదు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. కత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

"సేటూ, ఇంకో పండున్నది గద. అది గూడ కోస్త" అన్నాను.

"ఎందుకమ్మా ఇంక..."

"ఒక్కటే."

పూజ నా మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. ఒక పింగాణీ కప్పు తీసుకుని బోర్లించి, కత్తిని దాని అడుగున నాలుగుసార్లు గీశాను. పండును నిలబెట్టి చెక్కు తీశాను. ఎదురుగా పట్టుకుంటే వెలుతురు కనిపించేంత పలచగా వచ్చింది. పడుకోబెట్టి, కళ్ల వరుసకు ఇటూ అటూ వాలుకోతలు వేసుకుంటూ తిప్పాను. పట్టీలు ఒక్కొక్కటీ లేచి పళ్లెంలో పడ్డాయి. పండు మీద మెలికలు తిరిగిన గాడులు తప్ప ఎక్కడా ఒక్క నల్లచుక్క లేదు. బొడ్డు తీసి ముక్కలు చేసి, కప్పులు సేటు ముందుకు జరిపాను.

ఆయనే నింపాడు. ఏడు కప్పులు అంచుదాకా నిండాయి. పళ్లెంలో ఇంకా రెండు ముక్కలు మిగిలాయి.

సేటు రెండు పళ్లేలలోని చెక్కులను పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మొదటి పండు నేను ఎందుకలా కోశానని నన్ను అడగలేదు. దుకాణదారుడు, మనుషుల్ని చదవడం తెలిసినవాడు. తల ఎత్తి పూజను అడిగాడు.

"డబ్బా తెచ్చేది నువ్వే గద బిడ్డా?"

పూజ చున్నీ కొస నలుపుకుంటూ నిలబడింది. సేటు మంగళవారం నుంచి డబ్బా తీసుకుపోవడానికి తన దుకాణం బండి వస్తుందని నాతో చెప్పి వెళ్లిపోయాడు. పని నాకే ఉంది. పేరు కూడా నాకే ఉంది.

గేటు దగ్గర పూజ నన్ను ఆపింది. కళ్లనిండా నీళ్లు. నన్ను క్షమించమని అడుగుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, ఎంత పిచ్చిదాన్నో.

"సొంత అక్కవయ్యుండి నన్నే పట్టిచ్చినవ్ గదనే! పరాయోళ్లు గూడ ఇట్ల చెయ్యరు."

"మొదటి పండు నీ కోసమే మందంగ కోసిన పూజా" అన్నాను. "నువ్వు దాన్నే సేటుకు చూపెట్టినవ్."