కత్తికి పడ్డ గంట్లు

శవపేటిక మీద పెట్టే ముందు అపొలోనియా ఆ కత్తిని గుడ్డతో తుడిచింది. పేటికలో ఉన్నది ఆమె భర్త ఫైట్. కత్తి అతని తమ్ముడు డీపోల్ట్‌ది. పోయినవాణ్ణి కాపాడబోయినవాడి ఆయుధాన్ని పేటిక మీద ఉంచి, తర్వాత చర్చి గోడకు వేలాడదీయడం జర్మనీలోని స్వాబియా సీమలో ఆ కోటవాళ్ల ఆనవాయితీ.

"ఎన్ని గంట్లు పడ్డాయో చూడండి మామయ్యా," అందామె. "అన్న కోసం మరిది ఎంత కొట్టాడో!"

ముసలి బుర్కార్ట్ గంట్ల మీద వేలు పెట్టి తడిమాడు. డీపోల్ట్ తల ఎత్తలేదు.

యుద్ధం రోజు ఉదయం ఫైట్ తన యుద్ధ సుత్తిని తమ్ముడి జీనుకు కట్టాడు. "ఉక్కు కవచం వంపు మీద కత్తి అంచు జారిపోతుందిరా. దీని బరువంతా తలలోనే ఉంది. దెబ్బంతా నాణెమంత చోట దిగుతుంది. రేకు చీలకపోయినా లోపల ఎముక విరుగుతుంది. వెనక ఉన్న ముక్కు జారదు, కరుస్తుంది."

"మరి కత్తెందుకన్నా?"

"కవచం లేనివాడికి. ఉన్నవాడైతే, కత్తిని పిడి దగ్గర కాక మధ్యలో చేతొడుగుతో పట్టుకుని చంకలోకో, ఇనుప ముసుగు సందులోకో పొడవాలి. ఊరికే నరక్కు."

అన్న అటు వెళ్లగానే తోటివాళ్లు మొదలుపెట్టారు. "ఏరా కమ్మరీ, శత్రువు గుర్రానికి లాడం కొడతావా?"

డీపోల్ట్ నవ్వి, సుత్తి విప్పి సామాను బండిలో పడేశాడు.

మధ్యాహ్నానికి ఫైట్ వెల్లకిలా పడి ఉన్నాడు. తలనుంచి కాలిదాకా కవచం తొడిగిన ఒకడు మోకాలితో అతని ఛాతీని అదిమి, ముసుగు సందులోకి బాకు దింపుతున్నాడు. ఫైట్ వాడి మణికట్టు పట్టుకుని ఆపుతున్నాడు. డీపోల్ట్ వెనకనుంచి నరికాడు. కత్తి శిరస్త్రాణం మీద జారింది. వీపు మీద జారింది. మళ్లీ నరికాడు. వాడు వెనక్కి తిరిగైనా చూడలేదు. పొడవాలన్న మాట డీపోల్ట్‌కు గుర్తే రాలేదు. ఎవరో కాలిబంటు పరుగున వచ్చి, తల చుట్టూ ఇనుప రెక్కలున్న గదతో వాడి తలమీద ఒక్కటేశాడు. గద రెక్క అంచు రేకులో దిగబడి నిలిచింది. చుక్క నెత్తురు రాలేదు, వాడు మాత్రం కూలిపోయాడు. అప్పటికే బాకు పిడిదాకా దిగి ఉంది.

"వదినా," అన్నాడు డీపోల్ట్. "అవి పౌరుషం గంట్లు కావు."

మొత్తం చెప్పాడు. 'కమ్మరీ' అన్న వెక్కిరింతకు సుత్తిని బండిలో పడేసిన సంగతి ఆఖరికి మిగిలింది. దాన్నీ చెప్పాడు.

అపొలోనియా చేతిలోని గుడ్డను పక్కన పడేసింది. "ఆ మాటకా?" అంది. "ఆ ఒక్క మాటకా, డీపోల్ట్?"

బుర్కార్ట్ కత్తిని పేటిక మీదినుంచి తీసి కొడుకు చేతికిచ్చాడు. "ఆ కాలిబంటు పేరేంటి?"

"అడగలేదు నాన్నా."

"వెళ్లి కనుక్కో. గోడకు వేలాడాల్సింది వాడి గద."

మోసేవాళ్లు వచ్చి పేటిక ఎత్తారు. పక్కన నడవాలో వద్దో డీపోల్ట్‌కు తెలియలేదు. ఎవరూ చెప్పలేదు. అందరూ గుమ్మం దాటేదాకా ఆగి, చివర నడిచాడు.