ఆరుగురి కూర, ఒక్కడికి

శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన ముగిసి మగవాళ్ళు మసీదు నుంచి ఇళ్ళకు మళ్ళుతున్న వేళ నా మరిది బక్రీ తుపాకీ భుజాన వేసుకుని నా వంటింట్లోకి వచ్చాడు. వాడి ఇద్దరు కొడుకులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను రోట్లో వెల్లుల్లి దంచుకుంటున్నాను. చెప్పులైనా విప్పకుండా నా గోధుమపిండి మూట మీద కూర్చున్నాడు. ఆ మూట మీద ఇప్పటివరకూ ఎవరూ కూర్చోలేదు.

"సాబిర్ జైల్లోంచి బయటికొచ్చాడు వదినా. బుధవారం వదిలారు. పొద్దున కాఫీ కొట్టు ముందు కూర్చుని హుక్కా పీలుస్తున్నాడు."

సాబిర్ అంటే నా మొగుడు షాజ్లీని చెరకు తోటలో కాల్చి చంపినవాడు. పన్నెండేళ్ళయింది. పగ తీరేదాకా మా ఇంట్లో పరామర్శలు పుచ్చుకోకూడదన్నాడు బక్రీ. నేను మొగుణ్ణి పాతిపెట్టి, ఏడుపు మింగి, పొలం చేసుకుంటూ కొడుకుని పెంచాను. వాడికి ఇరవై నిండాయి. ఇప్పుడు ఆ తుపాకీ వాడి చేతిలో పెట్టాలని వీళ్ళ ఆత్రం.

"నీ చేతిలో ఉందిగా తుపాకీ. నువ్వే కాల్చు" అన్నాను.

"కొడుకు బతికుండగా తమ్ముడు కాలిస్తే ఊరు నవ్వుతుంది."

"ఊరు నవ్వుతుందని కాదు. జైలుకెళ్ళాలంటే నీకు ఒణుకు."

చెంప మీద కొట్టాడు. పళ్ళ చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది. ఉమ్మేసి మళ్ళీ వెల్లుల్లి దంచడం మొదలుపెట్టాను. వాడికి అదే మంట. ఆడది ఏడిస్తే వాడికి తృప్తి, నేను ఆ తృప్తి ఇవ్వను.

నా కొడుకు రిఫాత్ ఎక్కడున్నాడో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్ళకు కైరోలో మేస్త్రీ పని అని చెప్పాను. నిజానికి వాడు అలెగ్జాండ్రియాలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. ఒక మేడ మీది గదిలో ఒంటరిగా ఉంటాడు, ఏ వీధో నాక్కూడా చెప్పొద్దన్నాను. వాడి కొత్త ఫోను నంబరు నాకొక్కదానికే తెలుసు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గట్టు మీద ఉన్న దాన్ని నాకంటే ముందు బక్రీ అందుకున్నాడు. తెర మీద కొడుకు పేరు, కింద మెసేజీలో మొదటి ముక్క: అమ్మా, వేకా ఒక్కడికి ఎలా వండాలి?

"ఫోను తాళం తియ్యి."

"తియ్యను."

నా కుడి చెయ్యి పట్టి రోట్లో పెట్టాడు. వాడి పెద్దకొడుకు నా మెడ వంచి పట్టుకున్నాడు. బక్రీ ఇత్తడి రోకలి ఎత్తి వేళ్ళ మీద దించాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అరిచాను. ఎందుకు అరవను, మనిషినే కదా. వెల్లుల్లీ రక్తమూ ఒకటైపోయాయి. నాలుగోసారి రోకలి ఎత్తినప్పుడు ఎడమచేత్తో తాళం తీశాను. నన్ను పిరికిదాన్ననుకునేవాళ్ళు వాళ్ళ వేళ్ళు రోట్లో పెట్టి చూసుకోమనండి.

బక్రీ మెసేజి పైకి చదివాడు. "అమ్మా, వేకా ఒక్కడికి ఎలా వండాలి? నువ్వు కిలో బెండకాయలు, ఆరు గ్లాసుల మాంసం నీళ్ళు, ఒక వెల్లుల్లి గడ్డ, రెండు చెంచాల నెయ్యి, ఒక చెంచా ధనియాలు వేస్తావు. ఉప్పెంతో ఎప్పుడూ చెప్పవు. అది ఆరుగురి కూర. నాకొక్కడికి దేన్ని ఎంత వెయ్యాలి? తొందరగా చెప్పు, బెండకాయలు తరిగి కూర్చున్నాను."

బక్రీ కడుపు పట్టుకుని నవ్వాడు. "చూశావా, వాళ్ళ నాన్న మట్టిలో ఉంటే వీడు బెండకాయలు తరుగుతున్నాడు! రాయి. కూరెలా చెయ్యాలో రాయి. తర్వాత, నెయ్యి పంపిస్తాను, ఇల్లెక్కడో రాయి అని అడుగు. ఒక్క ముక్క తేడా వస్తే రెండో చెయ్యి కూడా రోట్లోకే."

వేకా అంటే బెండకాయలు ఉడికించి కవ్వంతో మెదిపే మా కూర, అది ఒక్కడికి ఎలా వండాలో నాకు బాగా తెలుసు. ఒకప్పుడు మా ఇంట్లో ఆరుగురం. అత్తా మామా పోయారు, మొగుణ్ణి చంపారు, కూతురు పెళ్ళయి పోయింది, కొడుకుని నేనే దాచాను. కొన్నేళ్ళుగా నాకొక్కదానికే వండుకుంటున్నాను. బెండకాయలు ఆరో వంతు, ఆ లెక్క సరే. కానీ నీళ్ళు అలా కాదు. చిన్న కూరకు నీళ్ళు ఆరో వంతు పోస్తే మంట మీద సగం ఆవిరైపోయి, కవ్వం తిప్పేసరికి జిగురు ముద్ద మిగులుతుంది. ఒక గ్లాసు చాలదు, దగ్గర దగ్గర రెండు కావాలి. చిన్న గిన్నె, మూత, సన్నటి సెగ. ఉప్పు దించే ముందు, ఎందుకంటే నీళ్ళు ఇగిరే కొద్దీ ఉప్పెక్కుతుంది. పోపుకు వెల్లుల్లి మూడు రెబ్బలన్నా ఉండాలి, ఒక్కటే వేస్తే నేతిలో మాడిపోతుంది.

నీళ్ళు ఆ లెక్కకు లొంగవని రిఫాత్‌కి కూడా తెలుసు. మొదటి ఏడాది అన్నం నీళ్ళు లెక్కకట్టి పోసి గిన్నె మాడ్చుకుని నాకు ఫోను చేశాడు. గంటసేపు తిట్టాను. మనుషులు తగ్గితే గింజలు తగ్గుతాయి గానీ పొయ్యి ఊరుకోదురా అని అరిచాను. అప్పటినుంచి కొత్త వంటకం ఏదైనా సరే, నీళ్ళ సంగతి విడిగా అడిగి తెలుసుకునేవాడు. ఈసారి కూడా అందుకే అడిగాడు.

ఎడమ బొటనవేలితో రాశాను. బక్రీ భుజం మీదుగా ఒక్కొక్క అక్షరం చూస్తున్నాడు. అన్నీ ఆరుతో భాగించు నాయనా. నీళ్ళు ఒక గ్లాసు చాలు. వెల్లుల్లి ఒక్క రెబ్బ. ఉప్పు మొదటే వేసెయ్యి. పెద్ద వెడల్పు గిన్నెలో పెట్టు, మూత వద్దు, మంట బాగా పెంచు.

"ఆరుని ఆరుతో భాగిస్తే ఒకటి" అన్నాడు బక్రీ. "దీనికి కాలేజీ కావలసివచ్చింది మీవాడికి."

పుట్టి బుద్ధెరిగి ఒక్కరోజు పొయ్యి ముట్టించని మగవాడు కాబట్టి వాడికి లెక్క నచ్చింది. పంపించాను. వెంటనే వాడు చెప్పినట్టే నెయ్యి గురించి, ఇంటి సంగతి గురించి రాశాను. పిల్లాడు ఆకలి మీద ఉన్నాడు, చదివీ చదవకుండా ఒక గ్లాసు నీళ్ళు పోసేస్తే? ఇంటి పేరు, వీధి పేరు రాసి పంపేస్తే?

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. సరే అమ్మా, నువ్వు చెప్పినట్టే చేశాను, కూర బ్రహ్మాండంగా కుదిరింది. ఆ కింద ఒక వీధి, నంబరు.

నాకు ఒంట్లో ప్రాణం వచ్చింది. అలా చేస్తే ఆ కూర కుదిరే అవకాశమే లేదు. వాడికి అర్థమైంది. పారిపో నాయనా, దొరక్కు, అని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాను.

బక్రీ కొడుకులిద్దర్నీ వ్యాను ఎక్కించి అలెగ్జాండ్రియా పంపించాడు. తను మాత్రం నా ఇంట్లోనే మకాం పెట్టాడు. నా ఫోను వాడి జేబులో. నా చేతికి పాత గుడ్డ చుట్టుకుని రొట్టెల పొయ్యి పక్కన కూర్చున్నాను. నాకు నీళ్ళు కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దెక్కాక పెద్దకొడుకు ఫోను చేశాడు. ఆ నంబరులో ఇల్లు లేదు, పడవలు బాగుచేసే కొట్టు ఉందట. రిఫాత్ అనే వాడిని అక్కడ ఎవరూ ఎరగరట. బక్రీ ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు.

"ఏం రాశావే?"

"కూర రాశాను. నువ్వు చూశావుగా, ఆరుని ఆరుతో భాగించి."

జుట్టు పట్టి వంటింటి నడుమకు ఈడ్చాడు. తుపాకీ మడమతో డొక్కలో పొడిచాడు. లోపల ఏదో విరిగింది, ఆ చప్పుడు నాకు వినపడింది. మళ్ళీ పొడిచాడు. నేను నవ్వుతున్నాను. నొప్పికి నవ్వానో, గెలిచానని నవ్వానో నాకే తెలియదు. నా కొడుకు చేతికి తుపాకీ అంటలేదు, అంతే చాలు నాకు.

అప్పుడు వీధి తలుపు తోసుకుని రిఫాత్ వంటింట్లోకి వచ్చాడు. రైలు దుమ్ము ఒంటి మీద, భుజాన కాలేజీ సంచి, ముఖం మీద రెండు రోజుల గడ్డం.

నా నవ్వు ఆగిపోయింది. "వెళ్ళిపో!" అని అరిచాను.

బక్రీ మొహం చేటంత అయింది. నన్ను వదిలేసి వాణ్ణి కావలించుకున్నాడు. "వచ్చాడు! మా అన్న రక్తం, మగాడు! ఆడదాని మాట వినేవాడివి కాదని నాకు తెలుసురా." ఆ తుపాకీని వాడి రెండు చేతుల్లో పెట్టాడు. "గుండ్లు నింపే ఉంది. సాబిర్ ఇప్పుడు కాఫీ కొట్టు దగ్గరే ఉంటాడు. మీ నాన్న నిన్ను చూస్తున్నాడురా."

రిఫాత్ తుపాకీ వైపు చూడలేదు. నా చేతి గుడ్డ వైపు చూశాడు. "అమ్మ చెయ్యి ఎవరిలా చేశారు బాబాయ్?"

"ఆడదానికి నోరెక్కువైంది. కొంచెం తగ్గించాను."

నా కొడుకు తుపాకీ ఎత్తాడు. అడుగు దూరం నుంచి బాబాయ్ ఛాతీలోకి రెండుసార్లు కాల్చాడు. బక్రీ నా పిండి మూట మీదికి వెనక్కి పడ్డాడు. కాళ్ళు కాసేపు కొట్టుకున్నాయి. పిండి మొత్తం ఎర్రగా ముద్దయింది.

"పారిపోమని కదరా రాశాను" అన్నాను.

"తెలిసింది. ఒక గ్లాసు అని చూడగానే తెలిసింది. నీ పీక మీద ఎవడో కూర్చున్నాడని తెలిశాక ఎక్కడికి పారిపోతానే అమ్మా?"

తుపాకీ వాడి చేతుల్లోంచి జారడం లేదు, వేళ్ళు బిగుసుకుపోయాయి. పన్నెండేళ్ళు నేను దేనికి భయపడ్డానో అది నా కళ్ళ ముందే జరిగింది. నేను పంపిన కబురే వాణ్ణి ఇక్కడికి లాక్కొచ్చింది. ఆ బాధ ఎంతదో చెప్పడానికి నాకు మాటలు లేవు, చెప్పను కూడా.

బయట జనం పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. బక్రీకి ఇద్దరు కొడుకులు. సాయంత్రానికి వ్యాను వెనక్కి తిరిగి వస్తుంది. తండ్రిని చంపింది మగవాడైతే వాణ్ణి వేటాడతారు. ఆడదైతే చెయ్యెత్తడానికి మా ఊళ్ళో సిగ్గుపడతారు, ప్రభుత్వానికి వదిలేస్తారు.

లేచాను. డొక్క పట్టుకుని లేచి, వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తుపాకీ లాక్కున్నాను. ఎడమచేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"నేనే కాల్చాను" అన్నాను వచ్చినవాళ్ళతో. "నా చెయ్యి నలగ్గొట్టాడు, నేను వాణ్ణి కాల్చాను. నా కొడుకు ఇప్పుడే వచ్చాడు, సంచి కూడా దించలేదు, చూడండి."

"అబద్ధం! నేను…" అని వెనకనుంచి రిఫాత్ నోరు తెరిచాడు.

తుపాకీ గోడకు ఆనించి, తిరిగి, వాడి చెంప ఛెళ్ళుమనేలా కొట్టాను. పుట్టినప్పటినుంచి వాణ్ణి ఎప్పుడూ కొట్టలేదు. పెదవి చిట్లింది.

"నోరు మూసుకో. నువ్వు పరీక్షలు రాయాలి" అన్నాను.

వాడు నోరు మూసుకున్నాడు. పోలీసు బండి వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం, వాడు పెదవి మీది రక్తం కూడా తుడుచుకోలేదు.